సీఓటీలో 8 ఎలక్ట్రాన్లు ఉన్నా అది యాంటీ ఆరోమాటిక్ ఎందుకు కాదు?

బెంజీన్_బుజ్జి
నిన్న మా కాలేజీలో మోడల్ టెస్టు పెట్టారు. నాలుగు అణువులిచ్చి, వీటిలో యాంటీ ఆరోమాటిక్ ఏది అని అడిగారు. ఆప్షన్లలో సైక్లోబ్యూటాడయీన్, సైక్లోఆక్టాటెట్రయీన్ అంటే సీఓటీ, రెండూ ఉన్నాయి. మొదటి దాంట్లో 4 పై ఎలక్ట్రాన్లు, రెండో దాంట్లో 8. రెండూ 4n కిందికే వస్తాయి. రెండిట్లో ఏదో ఒకటి కదా అని సీఓటీ పెట్టాను. మార్కు పోయింది, మైనస్ కూడా పడింది. సార్‌ని అడిగితే "అది ఫ్లాట్‌గా ఉండదమ్మా, గుర్తుపెట్టుకో" అన్నారు. ఎందుకు ఉండదు అని అడిగేలోపు బెల్ కొట్టేశారు. గుర్తుపెట్టుకోవడం నాకు పెద్ద పని కాదు, కారణం తెలియకుండా గుర్తుపెట్టుకోవడమే కష్టం. ఎవరైనా చెప్పండి.

జామ్_కార్తీక్
కీ తప్పు. హకల్ రూల్ చాలా క్లియర్. 4n+2 అయితే ఆరోమాటిక్, 4n అయితే యాంటీ ఆరోమాటిక్. 8 అంటే n=2. నువ్వు పెట్టింది కూడా కరెక్టే, అబ్జెక్షన్ పెట్టు.

సుజాత_కెమ్
అబ్జెక్షన్ పెట్టకమ్మా బుజ్జీ, కీ సరైనదే. కార్తీక్, మీరు రూల్‌లో రెండో సగం మాత్రమే చెబుతున్నారు. వలయం మూసి ఉండాలి, ప్రతి కార్బన్ మీదా ఒక p ఆర్బిటాల్ ఉండాలి, అవన్నీ ఒకదానికొకటి సమాంతరంగా నిలబడి పక్కవాటితో కలవాలి. ఇవన్నీ కుదిరాకే ఎలక్ట్రాన్లు లెక్కపెట్టాలి. సీఓటీ తొట్టి ఆకారంలో వంగి ఉంటుంది. పక్కపక్క డబుల్ బాండ్ల p ఆర్బిటాల్స్ సమాంతరంగా ఉండకుండా పక్కకు తిరిగిపోతాయి. అంటే అది ఒకే వలయంగా కాదు, నాలుగు విడి డబుల్ బాండ్లుగా బతుకుతోంది. కొలిస్తే ఒక బాండ్ 1.34 ఆంగ్‌స్ట్రామ్, పక్కది 1.47. బెంజీన్‌లో ఆరూ 1.39 దగ్గరే ఉంటాయి.

అగరుబత్తి_వ్యాపారి
ఇది సువాసనల గురించి అనుకుని వచ్చాను. మేము సాంబ్రాణి, కర్పూరం అమ్ముతాం. ఆరోమాటిక్ ఆయిల్ అని డబ్బాల మీద రాస్తాం కదా, దానికీ దీనికీ సంబంధం ఉందా? ఇంకోటి, పై ఎలక్ట్రాన్లు అంటే పైన ఉండేవా?

సుజాత_కెమ్
మంచి ప్రశ్నే అడిగారు. ఈ జాతిలో మొదట దొరికిన పదార్థాలకు మంచి వాసన ఉండేది, ఆ పేరు అలా నిలిచిపోయింది. ఇప్పుడు వాసనతో సంబంధం లేదు. మీరు అమ్మే కర్పూరం ఘాటుగా ఉంటుంది, కానీ కెమిస్ట్రీ లెక్కలో ఆరోమాటిక్ కాదు. లవంగ నూనెలో ఉండే యూజినాల్ మాత్రం ఆరోమాటిక్, దాంట్లో బెంజీన్ వలయం ఉంది. పై అనేది గ్రీకు అక్షరం. అయినా మీరన్నదాంట్లో సగం నిజమే. ఆ ఎలక్ట్రాన్లు వలయం తలానికి పైనా కిందా ఉంటాయి, తలంలో ఉండవు.

అగరుబత్తి_వ్యాపారి
ఇంట్లో మా అమ్మాయికి చెబుతాను. మీరు కానివ్వండి, నేను చదువుతుంటాను.

బెంజీన్_బుజ్జి
మేడమ్, వంగిందని మీరూ చెప్పారు, సార్ కూడా చెప్పారు. నా ప్రశ్న అక్కడే ఉంది. ఎందుకు వంగింది? యాంటీ ఆరోమాటిక్ అవ్వకూడదని వంగిందా, వేరే కారణమా? సైక్లోబ్యూటాడయీన్ ఎందుకు వంగలేదు మరి?

సుజాత_కెమ్
ఒక కాగితం తీసుకో. ఒక వృత్తం గీసి, దాంట్లో ఒక చతురస్రం గియ్యి, ఒక మూల సరిగ్గా కిందికి ఉండేలా. మూలలు వృత్తాన్ని ఎక్కడ తాకుతున్నాయో అవే ఎనర్జీ లెవెల్స్. ఫ్రాస్ట్, ముసులిన్ అనే ఇద్దరు 1953లో చూపించిన కిటుకు ఇది. అడుగున ఒకటి, మధ్యలో ఒకే ఎత్తులో రెండు, పైన ఒకటి వస్తాయి. వృత్తం మధ్య గీత కంటే కిందవి లాభం, పైవి నష్టం, గీత మీద ఉన్నవి రెండూ కావు.

ఇప్పుడు 4 ఎలక్ట్రాన్లు నింపు. రెండు అడుగుకి వెళ్తాయి. మిగిలిన రెండూ మధ్యలో ఉన్న రెండిట్లో చెరొకటి కూర్చుంటాయి. ఒంటరిగా, జత లేకుండా, బంధానికి ఏ లాభమూ లేని చోట. ఇదే బెంజీన్‌కి చెయ్యి. షడ్భుజి మూల కిందికి పెడితే అడుగున ఒకటి, దాని మీద రెండు, మధ్య గీతకు పైన రెండు, ఆపైన ఒకటి. 6 ఎలక్ట్రాన్లు కింది మూడిట్లో నిండుగా సర్దుకుంటాయి, ఒక్కటీ వృథా కాదు. 4n+2 అంటే అంతే. అడుగున ఎప్పుడూ ఒకటే లెవెల్ ఉంటుంది, దానికి 2. ఆపైన జంటలు, ప్రతి జంటకు 4. 4n అయితే ఆఖరి జంట ఎప్పుడూ సగమే నిండుతుంది.

అష్టభుజి గీసి చూడు, ఫ్లాట్ సీఓటీలో కూడా మధ్య గీత మీద రెండు లెవెల్స్‌లో రెండు ఒంటరి ఎలక్ట్రాన్లు కనిపిస్తాయి.

జామ్_కార్తీక్
సరే, ఫ్లాట్ పాయింట్ ఒప్పుకుంటున్నా. అయితే సైక్లోబ్యూటాడయీన్ ఒక డైరాడికల్ అన్నమాట. రెండు జతలేని ఎలక్ట్రాన్లు, హుండ్ రూల్ ప్రకారం ట్రిప్లెట్. అందుకే నిలవదు.

వలస_పక్షి
కార్తీక్, చతురస్రంగా ఉంటే నీ వాదన సగం నిలుస్తుంది. కానీ అది చతురస్రంగా ఉండదు. రెండు లెవెల్స్ ఒకే ఎత్తులో ఉండి సగం నిండితే, అణువు తన ఆకారం మార్చుకునైనా ఆ సమానత్వాన్ని విడగొట్టుకుంటుంది. సైక్లోబ్యూటాడయీన్ సాగి దీర్ఘచతురస్రం అవుతుంది. రెండు బాండ్లు పొట్టివి, రెండు పొడుగువి. అప్పుడు మధ్యలో ఉన్న రెండు లెవెల్స్‌లో ఒకటి కాస్త కిందికి జారుతుంది, రెండు ఎలక్ట్రాన్లూ జతగా అందులోకి దిగుతాయి. జతలేని ఎలక్ట్రాన్ ఏదీ మిగలదు. చల్లబరిచిన ఆర్గాన్‌లో బంధించి చూసిన స్పెక్ట్రాలు కూడా చివరికి దీర్ఘచతురస్రం వైపే తేల్చాయి.

జామ్_కార్తీక్
అంటే సీఓటీ వంగి తప్పించుకుంది, ఇది సాగి తప్పించుకుంది. రెండూ తప్పించుకుంటే ఒకటే యాంటీ ఆరోమాటిక్ ఎలా అవుతుంది?

సుజాత_కెమ్
ఇప్పుడు అసలు చోటికి వచ్చారు. సీఓటీ వంగితే పక్కపక్క డబుల్ బాండ్ల మధ్య కలయిక దాదాపు తెగిపోతుంది. సైక్లోబ్యూటాడయీన్‌కి నాలుగే మూలలు, అంతలో వంగే చోటే లేదు. దీర్ఘచతురస్రమైనా ఇంకా చదునే. నాలుగు p ఆర్బిటాల్స్ ఇంకా పక్కపక్కనే నిలబడి ఉన్నాయి. పూర్తిగా తప్పించుకోలేదు, కొంత తగ్గించుకుందంతే. అందుకే దాని కష్టం దానితోనే ఉంటుంది. 35 కెల్విన్ దాటి కాస్త కదిలే వీలు దొరికితే చాలు, రెండు అణువులు ఒకదాన్నొకటి పట్టుకుని జతకట్టేస్తాయి. గది ఉష్ణోగ్రతలో దాన్ని చూడాలంటే, 1991లో క్రామ్ బృందం చేసినట్టు, ఒక్కో అణువునూ పంజరం లాంటి పెద్ద అణువు లోపల ఒంటరిగా ఉంచాల్సి వచ్చింది. ఆల్ఫా పైరోన్‌ని పంజరంలో పెట్టి వెలుతురు కొట్టారు. కార్బన్ డయాక్సైడ్ బయటికి పోయి సైక్లోబ్యూటాడయీన్ లోపల మిగిలింది. పక్కన ఇంకో అణువు లేదు కాబట్టి నిలిచింది.

సీఓటీకి ఆ బాధ లేదు. అది లేత పసుపు ద్రవం, సీసాలో కొనుక్కోవచ్చు.

బెంజీన్_బుజ్జి
ఇది నాకు బాగా అర్థమైంది మేడమ్. కానీ రాత్రి మా సీనియర్ అక్క దగ్గర మోడల్ కిట్ తీసుకుని చేసి చూశాను. 120 డిగ్రీల కార్బన్ ముక్కలు 8 కలిపాను. నేనేం చెయ్యకుండానే అది తొట్టిలా వంగి కూర్చుంది. బల్ల మీద అరచేత్తో అదిమి ఫ్లాట్ చేస్తే పుల్లలు వంగాయి, చెయ్యి తీయగానే మళ్లీ లేచింది. ప్లాస్టిక్ ముక్కలకు ఎలక్ట్రాన్లు తెలియవు కదా! మరి వంగడానికి కారణం కోణమేనేమో?

నీలి_మంట
బుజ్జి గారిదే కరెక్ట్ అని నా వాదన. అష్టభుజిలో లోపలి కోణం 135, sp2 కార్బన్‌కి కావలసింది 120. ఒక్కో మూలకూ 15 డిగ్రీలు తేడా, ఎనిమిది మూలలకు ఎంత ఒత్తిడి ఉంటుందో చూడండి. యాంటీ ఆరోమాటిక్ భయం అని వేరే కథ అక్కర్లేదు.

సుజాత_కెమ్
కిట్ చేసి చూడటం చాలా బాగుంది బుజ్జీ. కోణం ఒత్తిడి ఉంది, కాదనను. కానీ నీలి మంట గారూ, ఇదే సీఓటీకి పొటాషియం లోహం ఇచ్చి చూడండి. రెండు ఎలక్ట్రాన్లు తీసుకుని డైఅనయాన్ అవుతుంది, 10 ఎలక్ట్రాన్లు. 1960లో కాట్జ్ చేసి చూపించాడు. అప్పుడు అదే ఎనిమిది కార్బన్ల వలయం పూర్తిగా చదునైపోతుంది, ఎనిమిది బాండ్లూ సమానమవుతాయి. కోణం అప్పుడూ 135 డిగ్రీలే! పైగా రెండు మైనస్ ఛార్జీలు ఒకే వలయంలో ఇరుక్కున్నాయి. అయినా ఫ్లాట్ అయింది. ఒత్తిడి ఒక్కటే కారణమైతే ఇది జరగకూడదు. మారింది ఎలక్ట్రాన్ల లెక్క మాత్రమే.

రియాక్టర్_రాజు
మేడమ్ చెప్పినదానికి నా కళ్లతో చూసిందొకటి కలుపుతాను. జీడిమెట్లలో ఇంటర్మీడియెట్లు చేసే ప్లాంటులో పదేళ్లు పనిచేశాను. అక్కడ సైక్లోపెంటాడయీన్ వాడేవాళ్లం. అది డ్రమ్ములో జంటగా, డైసైక్లోపెంటాడయీన్‌గా వస్తుంది. 170 డిగ్రీల దగ్గర వేడిచేస్తే జంట విడిపోయి, 41 దగ్గర డిస్టిల్ అయ్యి రిసీవర్‌లో పడుతుంది. దాన్ని ఐసులో పెట్టుకుని అదే షిఫ్టులో వాడెయ్యాలి. లేకపోతే మళ్లీ జతకట్టేస్తుంది. ఒకసారి బాయిలర్ ఆగిపోయి బ్యాచ్ తెల్లారేదాకా ఆగింది. పొద్దున జీసీ కొడితే సగానికి పైగా మళ్లీ పాత జంటే. నా షిఫ్టు మొత్తం పోయింది.

అసలు విషయం ఏంటంటే, ఆ రిసీవర్‌లోది మామూలు హైడ్రోకార్బన్. అందులో THFలో సోడియం హైడ్రైడ్ వేస్తే బుసబుసమని హైడ్రోజన్ వస్తుంది. కార్బన్ మీద ఉన్న హైడ్రోజన్ అంత తేలిగ్గా ఊడిపోవడం మొదట నాకు నమ్మబుద్ధి కాలేదు. దాని pKa 16 దగ్గర, అంటే దాదాపు ఇథనాల్ స్థాయి.

బెంజీన్_బుజ్జి
ఎందుకంటే హైడ్రోజన్ పోయాక 6 ఎలక్ట్రాన్లు అవుతాయి! రాజుగారూ, ఇది నేనే చెప్పగలిగాను.

రియాక్టర్_రాజు
అదే తల్లీ. ఏడు కార్బన్ల సైక్లోహెప్టాట్రయీన్‌లో డబుల్ బాండ్ ఇంకొకటి ఎక్కువ ఉంది కదా, ఇంకా తేలిగ్గా ఇస్తుందనుకున్నాను. దాని pKa ముప్పై దాటిపోతుంది. అనయాన్‌లో 8 ఎలక్ట్రాన్లు వస్తాయి, అందుకే వదలదు.

జామ్_కార్తీక్
అయితే ప్లస్ ఛార్జికి తిరగబడాలి. సైక్లోపెంటాడయీన్ మీద నుంచి ఐయోడైడ్ తీస్తే 4 ఎలక్ట్రాన్ల కాటయాన్ వస్తుంది. అది రాకూడదు.

వలస_పక్షి
రాదు. బ్రెస్లో బృందం చేసింది అదే ప్రయోగం. అసలు యాంటీ ఆరోమాటిక్ అనే మాటను 1960లలో వాడుకలోకి తెచ్చింది కూడా ఆయనే. అయోడోసైక్లోపెంటేన్‌కి వెండి లవణం ఇస్తే గబగబా అయోడైడ్ వదిలేస్తుంది. అదే వలయంలో రెండు డబుల్ బాండ్లు ఉన్న 5-అయోడోసైక్లోపెంటాడయీన్‌కి అవే పరిస్థితుల్లో ఇస్తే కదలదు. మామూలుగా అల్లైల్ స్థానంలో అయోడైడ్ ఇంకా తొందరగా పోవాలి. ఇక్కడ రెండు పక్కలా డబుల్ బాండ్లు ఉన్నాయి, అయినా పోవడం లేదు. సాయం లేకపోవడం వేరు, ఎదురు దెబ్బ తగలడం వేరు. నాన్ ఆరోమాటిక్‌కీ యాంటీ ఆరోమాటిక్‌కీ తేడా ఈ ఒక్క ప్రయోగంలో కనిపిస్తుంది.

కార్తీక్, ఈసారి నువ్వు ముందే ఊహించి చెప్పావు, బాగుంది.

బెంజీన్_బుజ్జి
ఎదురు దెబ్బ అన్నారు. అది ఎంత అని లెక్కలో చూపించగలరా ఎవరైనా? వృత్తం గీసినప్పుడు లాభం లేదు అని మాత్రమే తెలిసింది, నష్టం కనిపించలేదు.

నీలి_మంట
ఈ లెక్క నా దగ్గర ఉంది. పక్కపక్క రెండు p ఆర్బిటాల్స్ కలిస్తే వచ్చే లాభాన్ని బీటా అందాం. ఒక విడి డబుల్ బాండ్‌లో రెండు ఎలక్ట్రాన్లకు మొత్తం 2 బీటా. మొదటి అంకె విడివిడి డబుల్ బాండ్లకు, రెండోది గొలుసుగా కలిపితే, మూడోది అదే గొలుసు కొసలు కలిపి చదును వలయం చేస్తే.

```
4 కార్బన్లు :  4.00   4.47   4.00
6 కార్బన్లు :  6.00   6.99   8.00
8 కార్బన్లు :  8.00   9.52   9.66
```

నాలుగు కార్బన్ల గొలుసు కొసలు కలిపితే 0.47 పోయింది. బుజ్జి గారు అడిగిన నష్టం ఇదే. బ్యూటాడయీన్‌గా ఉంటే వచ్చే లాభం వలయమయ్యాక పోతోంది. ఆరుకి వస్తే 1.01 అదనంగా వస్తోంది. ఇప్పుడు ఎనిమిది చూడండి. కొసలు కలిపితే నష్టం లేదు, 0.14 లాభమే! సుజాత గారూ, దీనికేం చెబుతారు? హకల్ సొంత లెక్క ప్రకారమే ఫ్లాట్ సీఓటీ యాంటీ ఆరోమాటిక్ కాదు.

సుజాత_కెమ్
మీ అంకెలు సరైనవే, నేనూ క్లాసులో వేస్తాను. కానీ ఆ లెక్క అన్ని బాండ్లూ ఒకే పొడవని అనుకుంటుంది, ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి నెట్టుకోవడం పట్టించుకోదు. సగం నిండిన జంట ఉన్నచోట ఆ రెండు ఊహలూ బలహీనమే. పైగా 0.14 లాభం అనేది కోణం ఒత్తిడి ముందు నిలబడేంత కాదు. బెంజీన్‌కి 1.01 ఉంది కాబట్టి తేడా చూడండి.

నీలి_మంట
అంటే వంగడానికి కోణం ఒత్తిడే కారణం, దానికి ఎదురు నిలబడేంత ఆరోమాటిక్ లాభం లేకపోవడం రెండో కారణం. డైఅనయాన్‌లో ఆ లాభం వచ్చింది, ఒత్తిడిని ఓడించింది. నేను ఇలా చెప్పుకుంటాను. యాంటీ ఆరోమాటిక్ నుంచి పారిపోయింది అనే మాట ఇప్పటికీ నాకు ఎక్కువే అనిపిస్తోంది.

వలస_పక్షి
ఇద్దరూ దగ్గరికి వచ్చారు కానీ పూర్తిగా కాదు. సీఓటీ తొట్టి ఒక వైపు నుంచి ఇంకో వైపు తిరగబడేటప్పుడు మధ్యలో క్షణం చదునవుతుంది. ఆ అడ్డంకి పది కిలోకెలరీల పైచిలుకు. చదునుగానే ఉండి డబుల్ బాండ్లు స్థానాలు మార్చుకోవాలంటే, అంటే అన్ని బాండ్లూ సమానమయ్యే స్థితి దాటాలంటే, ఇంకొన్ని కిలోకెలరీలు ఎక్కువ కావాలి. బెంజీన్‌లో బాండ్లు సమానం కావడమే అందరికన్నా కింద ఉండే స్థితి. ఇక్కడ అదే పైన ఉంది. నష్టం అంటే నాకు అదే. కానీ ఈ అడ్డంకిలో కోణం వాటా ఎంత, ఎలక్ట్రాన్ల వాటా ఎంత అని విడదీయడంలో ఇప్పటికీ ఒక్కో పద్ధతి ఒక్కో అంకె ఇస్తుంది.

రియాక్టర్_రాజు
ల్యాబులో ఉన్నవాళ్లకు ఎలా తెలుస్తుంది అది కూడా చెప్పండి. మాకు లెక్కలు వెయ్యడానికి టైం ఉండదు.

వలస_పక్షి
NMR. చదునైన ఆరోమాటిక్ వలయాన్ని అయస్కాంతంలో పెడితే ఎలక్ట్రాన్లు వలయం చుట్టూ తిరుగుతాయి. బయట ఉన్న హైడ్రోజన్ల పీక్‌లు 7 పీపీఎం పైకి జరుగుతాయి. సోండ్‌హైమర్ బృందం చేసిన 18 కార్బన్ల వలయంలో లోపలికి చూసే హైడ్రోజన్లు కూడా ఉన్నాయి. చల్లబరిస్తే బయటివి 9 దగ్గర, లోపలివి సున్నా కిందికి, మైనస్ 3 దగ్గర కనిపిస్తాయి. 16 కార్బన్ల వలయంలో సరిగ్గా తలకిందులు, లోపలివి 10 దగ్గర, బయటివి 5 దగ్గర. 4n అంటే ప్రవాహం ఎదురు తిరుగుతుంది. సీఓటీ ఎక్కడ వస్తుందో తెలుసా? 5.8 దగ్గర, మామూలు డబుల్ బాండ్ హైడ్రోజన్లు ఉండే చోట. అటూ కాదు, ఇటూ కాదు. నేను మొదటిసారి ఆ స్పెక్ట్రమ్ తీసినప్పుడు ఒకే ఒక్క పీక్ కనిపించింది. ఇంత గొడవ పెట్టిన అణువుకి ఇంత సాదా పీకా అనుకున్నాను.

అగరుబత్తి_వ్యాపారి
నాకు సగమే అర్థమవుతోంది గానీ ఆపలేకపోతున్నాను. ఈ ఎనిమిది వలయం ఎక్కడి నుంచి వచ్చింది? చెట్టు నుంచా, నూనె నుంచా?

సుజాత_కెమ్
మీకు నచ్చే జవాబే. మొదట చేసింది 1911లో విల్‌స్టాటర్, దానిమ్మ చెట్టు బెరడులో దొరికే ఒక ఆల్కలాయిడ్‌తో మొదలుపెట్టి, ఎన్నో మెట్లు దాటి. బెంజీన్‌కి అన్న కాబట్టి అంతే స్థిరంగా ఉండాలని అందరూ అనుకున్నారు. ఇదేమో బ్రోమిన్ రంగు వెంటనే పోగొట్టింది. కొందరు నమ్మలేదు, ఆయన చేతికి వచ్చింది స్టైరీన్ అయి ఉంటుందన్నారు, రెండిటి ఫార్ములా C8H8 కాబట్టి. 1940లలో రెప్పే ఎసిటిలీన్ నుంచి పెద్ద ఎత్తున చేశాడు. కోప్, ఓవర్‌బర్గర్ ఆ దానిమ్మ దారిలోనే మళ్లీ నడిచి అదే పదార్థం వస్తుందని చూపించారు. విల్‌స్టాటర్ 1942లోనే పోయారు. ఆ నిరూపణ ఆయన చూడలేదు.

అగరుబత్తి_వ్యాపారి
దానిమ్మ బెరడు! పాపం పెద్దాయన.

బెంజీన్_బుజ్జి
ఇవాళ సార్‌కి డైఅనయాన్ పాయింట్ చెప్పాను. మోడల్ కిట్ కూడా తీసుకెళ్లాను. సార్ దాన్ని చేత్తో అదిమి పట్టుకుని కాసేపు చూశారు, రేపు క్లాసులో అందరికీ చూపించమన్నారు. మార్కు మాత్రం ఇవ్వలేదు.

ఇంకో డౌట్. పైరీన్‌లో లెక్కపెడితే 16 వచ్చాయి. నాలుగు వలయాలూ చదునే. మరి అది సీసాలో ఎలా ఉంది?

జామ్_కార్తీక్
దీనికి నేను చెప్తా. హకల్ లెక్క ఒంటరి వలయానికే. పైరీన్‌లో నాలుగు వలయాలు అతుక్కుని ఉన్నాయి, మొత్తం కలిపి లెక్కపెట్టకూడదు. బయటి అంచు మాత్రమే తీసుకుంటే 14.

నీలి_మంట
బయటి అంచు తీసుకోవడం పరీక్షకు పనికొచ్చే కిటుకు. లోపలి డబుల్ బాండ్‌ని పక్కనపెట్టడానికి అది కారణం చెప్పదు. కొత్త థ్రెడ్ తెరవండి, అక్కడ వాదించుకుందాం.